సారె మీద గిన్నె చేసే వీడియో: ముందు సౌండ్ రాసుకుని తర్వాత షూట్ చేసే పద్ధతి, 75 సెకన్ల పూర్తి స్క్రిప్ట్‌తో

మట్టి పని చేసేవాళ్లు చాలామంది అడిగే మాట ఒకటే. లైట్ బాగుంది, ఫ్రేమ్ బాగుంది, చేతులు కూడా నీట్‌గా కదులుతున్నాయి, అయినా చూస్తుంటే ఆ హాయి రావట్లేదు ఎందుకు అని. వాళ్ల క్లిప్‌లు కళ్లు మూసుకుని వింటే విషయం తెలిసిపోతుంది. మోటార్ గుయ్యిమంటోంది, ఎక్కడో ఫ్యాన్ తిరుగుతోంది, మట్టి మాత్రం ఎక్కడా వినపడట్లేదు, దాన్ని కప్పడానికి పైన ఒక పాట వేశారు.

ఇలాంటి వీడియోలో సగం పని చెవిది. అందుకే స్క్రిప్ట్‌లో తెర మీద కనపడే బొమ్మ కంటే ముందు సౌండ్ రాసుకోవాలి, ఏ షాట్‌లో ఏం వినపడాలో తెలిశాకే కెమెరా ఎక్కడ పెట్టాలో తేలుతుంది. ఇక్కడ ఒకే ఒక్క ఉదాహరణ తీసుకుని చివరిదాకా వెళ్దాం: అర కిలో మట్టితో ఒక చిన్న గిన్నె, ముద్ద సారె మీద పడటం దగ్గర్నుంచి అడుగు చెక్కడం దాకా, 75 సెకన్లు, మాటలు లేవు, పాట లేదు. కాల్చడం, గ్లేజ్ ఇందులో కలపట్లేదు, వాటి సౌండ్ లోకం వేరే, కలిపితే రెండూ పలచబడతాయి.

## 1. షూట్‌కి ముందు మట్టిని సిద్ధం చేయడం

ముందు మట్టి ఎంపిక. గ్రాగ్ అంటే కాల్చిన మట్టి పొడి కలిపిన గరుకు మట్టి వద్దు. దానికి చేతి కింద గరగరమనే శబ్దం వస్తుంది, చెక్కేటప్పుడు ఊడొచ్చే మట్టి పట్టీ మధ్యలో తెగిపోతుంది. నున్నటి మట్టి తీసుకోండి, పొడవాటి పట్టీలు వస్తాయి, సౌండ్ కూడా పట్టులా ఉంటుంది.

బాగా పిసికి అర కిలో ముద్దలు నాలుగు చేసి పెట్టుకోండి. రెండు బొమ్మ కోసం, రెండు సౌండ్ కోసం. ఈ మాట చెప్తే చాలామంది ఆశ్చర్యపోతారు గానీ మొత్తం పద్ధతికి ఇదే పునాది. కెమెరాకి బాగా కనపడేలా చేసేటప్పుడు మైక్ సరైన చోట పెట్టలేం, ఫ్రేమ్‌లోకి వచ్చేస్తుంది, మోటార్ ఆపలేం, చేయి ఆపి ఆపి తిప్పలేం. అందుకని గిన్నె ఒకసారి కెమెరా కోసం చేస్తాం, అదే పని ఇంకోసారి కేవలం మైక్ కోసం చేస్తాం.

ముద్దలన్నీ ఒకే మెత్తదనంలో ఉండాలి. ఒకటి మెత్తగా ఇంకొకటి గట్టిగా ఉంటే చూసే కంటికి తెలియకపోవచ్చు గానీ రెండో దాని సౌండ్ మొదటి దాని బొమ్మ మీద అస్సలు కూర్చోదు, ఎంత సింక్ చేసినా ఏదో తేడాగా అనిపిస్తుంది.

చెక్కే షాట్‌కి మట్టి సగం ఆరి ఉండాలి, అంటే అది ఇంకో రోజు పని. గిన్నె ఆరే తీరు మీద కన్నేసి ఉంచండి, దీని గురించి షాట్ 8 దగ్గర వివరంగా చెప్తా.

## 2. గదిలో, సారెలో అనవసర శబ్దాలు తీసేయడం

సారె మీద మట్టి పెట్టకుండా ఊరికే తిప్పి హెడ్‌ఫోన్స్‌లో వినండి. మామూలుగా మూడు రకాలు దొరుకుతాయి.

మోటార్ హమ్. ఇది పూర్తిగా పోదు, పోవాల్సిన అవసరమూ లేదు. మారకుండా ఒకేలా ఉంటే చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. చిరాకు పెట్టేది హమ్ కాదు, ప్రతి కట్ దగ్గరా ఆ హమ్ మారిపోవడం.

గలగల. చుట్టూ ఉండే ప్లాస్టిక్ ట్రే, అంటే స్ప్లాష్ ప్యాన్, దాని అతుకు దగ్గర కొట్టుకుంటూ ఉంటుంది. అతుకులో తడిగుడ్డ ముక్క దోపండి. గిన్నె కింద పెట్టే పలక, అదే బ్యాట్, పిన్నుల మీద వదులుగా ఉంటే అది కూడా టకటకమంటుంది, దాని కింద పలచగా తడిమట్టి పూస్తే ఆగిపోతుంది.

మీరు. గాజులు, ఉంగరం, వాచీ, గరగరమనే ఏప్రాన్, కిర్రుమనే స్టూలు. గాజులు తీసేయండి, ఏప్రాన్ మెత్తటి కాటన్‌ది కట్టుకోండి.

షూట్ మొదలవకముందు చూసుకోవాల్సినవి:

- ఫ్యాన్, ఏసీ, పక్క గదిలో ఫ్రిజ్ ఆఫ్. ఫ్రిజ్ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకుండా ఇంటి తాళాలో బైక్ తాళాలో దాంట్లో పెట్టేయండి
- ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో
- వెనక ఖాళీ గోడ ఉంటే దుప్పటి కట్టండి, గది మోత తగ్గుతుంది
- మట్టి చేతులతో కెమెరా ముట్టుకోకుండా రిమోట్ లేదా పక్కన ఒక మనిషి

## 3. మైక్, కెమెరా సెట్టింగులు

మైక్ మట్టికి 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో, చేతుల ఎత్తు కంటే కొంచెం పైన, ఏటవాలుగా కిందకి చూస్తూ ఉండాలి. సారె ఎత్తులోనే పక్కన పెడితే చిమ్మే నీళ్లు సరిగ్గా దాని మీదే పడతాయి. తడవకుండా ప్లాస్టిక్ కవర్ చుట్టకండి, సన్నటి శబ్దాలన్నీ అక్కడే చచ్చిపోతాయి, మామూలు ఫోమ్ తొడుగు చాలు.

రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. లెవెల్ చేత్తో పెట్టుకోండి, ఆటో వద్దు. ఫోన్‌లో ఆటో గెయిన్ ఉంటే ముద్ద థప్‌మని పడగానే లెవెల్ పడిపోతుంది, ఆ తర్వాత నిశ్శబ్దంలో గది మోత మెల్లగా పైకి ఉబికి వస్తుంది, ఎడిటింగ్‌లో దాన్ని సరిచేయడం చాలా కష్టం. లెవెల్ చేత్తో పెట్టుకునే వీలున్న యాప్ వాడండి. పనిలో వచ్చే పెద్ద శబ్దాలు మైనస్ 12 నుంచి మైనస్ 6 డీబీ మధ్య తగిలేలా ఉంటే సరిపోతుంది. ముద్ద పడే శబ్దం మిగతా వాటికంటే చాలా పెద్దది కాబట్టి దాన్ని లెవెల్ తగ్గించి విడిగా తీసుకోండి.

కెమెరా 25 ఫ్రేమ్స్‌లో, షటర్ 1/50. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట ఎల్‌ఈడీ లైట్ల కింద చారలు రాకుండా ఉండేది ఇలాగే, 60 హెర్ట్జ్ ఉన్నచోట 30 ఫ్రేమ్స్, 1/60 పెట్టండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేయండి, లేకపోతే తడి మెరుపు తిరిగిన ప్రతిసారీ వెలుగు పెరిగి తగ్గుతుంది. లైట్ ఒక్కటి చాలు, పక్కనుంచి కాస్త వెనగ్గా, తక్కువ ఎత్తులో. తడి మట్టి మీద వేళ్ల గీతలు కనపడేది ఆ ఏటవాలు వెలుగులోనే.

## 4. స్క్రిప్ట్‌లో సౌండ్ ఎలా రాయాలి

ప్రతి షాట్‌కీ నాలుగే విషయాలు రాయండి. మెయిన్: ఆ షాట్‌లో చెవి పట్టుకోవాల్సిన ఒకే ఒక్క శబ్దం. కింద: దాని వెనక మెల్లగా నడిచేది. సింక్: బొమ్మతో కచ్చితంగా కలవాల్సిన క్షణం. ఎలా: కెమెరాతో పాటు వచ్చిందా, విడిగా తీయాలా.

మెయిన్ దగ్గర శబ్దాన్ని వినపడినట్టే రాయండి, థప్, సుర్ర్, చప్ చప్, పుచ్ అని. "తడి శబ్దం" అని రాస్తే ఎడిటింగ్ రోజున దానికి అర్థం ఉండదు, తడిలోనే పది రకాలున్నాయి. మన భాషలో ఇలాంటి మాటలకి కొదవ లేదు, వాడుకోండి.

ఒక షాట్‌కి రెండు మెయిన్‌లు రాయాలనిపిస్తే అది నిజానికి రెండు షాట్లు, విడగొట్టండి.

## 5. పూర్తి స్క్రిప్ట్

షాట్ 1. 0:00 నుంచి 0:03. ముద్ద పడటం
బొమ్మ: ఖాళీ సారె, పక్కనుంచి, సారె ఎత్తులో. ముద్ద పైనుంచి వచ్చి మధ్యలో పడుతుంది. రెండు అరచేతులతో ఒకటి రెండు చరుపులు.
మెయిన్: థప్. తర్వాత చిన్నవి, పట్, పట్.
కింద: ఏమీ లేదు. మోటార్ ఇంకా ఆన్ కాలేదు.
సింక్: ముద్ద తగిలిన ఫ్రేమే. వీడియో మొదలైన 8 ఫ్రేముల్లోపు తగలాలి.
ఎలా: విడిగా. రెండు లేయర్లు, ఒకటి ముద్ద పడే బరువు, ఇంకొకటి తడి అరచేత్తో మట్టి మీద చరిచిన చప్పుడు.

రెండో లేయర్ ఎందుకంటే ఫోన్ స్పీకర్‌లో లోతైన శబ్దం దాదాపు వినపడదు. హెడ్‌ఫోన్స్‌లో గుండెకి తగిలే థప్ ఫోన్‌లో ఉఫ్‌మని ఊదినట్టు వస్తుంది. అరచేతి చరుపు మధ్య స్థాయిలో ఉంటుంది కాబట్టి చిన్న స్పీకర్‌లో కూడా ఆ దెబ్బ తెలుస్తుంది.

షాట్ 2. 0:03 నుంచి 0:16. సెంటరింగ్
బొమ్మ: పైనుంచి 45 డిగ్రీల కోణం, చేతులూ మట్టీ ఫ్రేమ్ నిండా. కట్ లేదు.
మెయిన్: చప్... చప్... చప్... మెల్లగా కలిసిపోయి ఒకే సుర్ర్.
కింద: మోటార్ హమ్, షాట్ మొదట్లో అర సెకనులో మెల్లగా లేస్తుంది.
సింక్: అరచేయి మొదట తగిలిన క్షణం.
ఎలా: కెమెరాతో పాటు వచ్చిందే ఆధారం, దాని మీద విడిగా తీసినది.

ఈ వీడియోకి ప్రాణం ఈ షాటే. ముద్ద మధ్యలో లేనప్పుడు తిరిగిన ప్రతిసారీ ఉబ్బుగా ఉన్న వైపు వచ్చి అరచేతికి కొట్టుకుంటుంది. ఈ దశలో సారె సెకనుకి మూడు నాలుగు చుట్లు తిరుగుతుంది కాబట్టి చప్ చప్ అని ఒక తాళంలా వినపడుతుంది, కంటికి కూడా చేతులు వణుకుతూ కనపడతాయి. మట్టి మధ్యకి వస్తున్న కొద్దీ ఆ దెబ్బ మెత్తబడుతుంది, ఒక చోట తాళం పోయి ఏకధార మిగులుతుంది, అదే క్షణంలో చేతుల వణుకు ఆగుతుంది. చూసేవాళ్లకి ఊపిరి తేలికయ్యేది సరిగ్గా అక్కడే. ఇక్కడ కట్ పెట్టి నేరుగా మధ్యకొచ్చిన మట్టి చూపించేవాళ్లు ఉన్న ఒక్క మలుపునీ పారేస్తున్నారు. బాగా చేయి తిరిగినవాళ్లకి ఇది మూడు నాలుగు సెకన్లలో అయిపోతుంది, అలాంటప్పుడు ముద్దని కావాలనే కొంచెం పక్కకి పెట్టి మొదలుపెట్టండి, పైకి కిందకి ఒకసారి కోన్ చేయండి. ధార స్థిరపడ్డాక ఇంకో రెండు సెకన్లు చేతులు కదపకుండా ఉంచండి.

షాట్ 3. 0:16 నుంచి 0:23. గుంట తెరవడం
బొమ్మ: నిట్టనిలువుగా పైనుంచి. బొటనవేళ్లు మధ్యలోకి దిగుతాయి, అడుగు పరుచుకుంటుంది. అడుగున సెంటీమీటర్ మందం వదలండి, తర్వాత చెక్కడానికి కావాలి.
మెయిన్: బుళుక్‌మని చిన్న పీల్పు, తర్వాత నీళ్లు తిరిగే మెత్తటి శబ్దం.
కింద: హమ్.
సింక్: వేళ్లు దిగిన క్షణం.
ఎలా: విడిగా.

ఆఖర్లో స్పాంజ్ అడుగు నీళ్లు పీల్చుకునే చిన్న శబ్దం ఉంటుంది, ష్ష్‌మని. దాన్ని షాట్ 4కి వంతెనగా వాడండి.

షాట్ 4. 0:23 నుంచి 0:38. గోడ లేపడం
బొమ్మ: పక్కనుంచి, గోడ పైకి లేవడానికి ఫ్రేమ్‌లో పైన ఖాళీ వదిలి. మూడు లాగుళ్లు. మొదటిదీ మూడోదీ సగం సగం, మధ్యది మొదటి నుంచి చివరిదాకా కట్ లేకుండా, సుమారు 7 సెకన్లు.
మెయిన్: సుర్ర్‌ర్, కింద నుంచి పైకి పలచబడుతూ.
కింద: హమ్, ఒక్కో లాగుడికీ కాస్త నెమ్మదిస్తూ, సారె వేగం కూడా అలాగే తగ్గుతుంది కాబట్టి.
సింక్: వేళ్లు అంచు వదిలిన క్షణం. అక్కడ శబ్దం ఆగాలి.
ఎలా: విడిగా తీసినదే ఎక్కువ.

సౌండ్ కోసం చేసే గిన్నెకి నీళ్లకి బదులు చిక్కటి మట్టి జారు రాసుకోండి. నీళ్లయితే చిలకరింపులు, చుక్కలు ఎక్కువ వినపడతాయి, జారుతో వేలికీ మట్టికీ మధ్య రాపిడి నిండుగా వస్తుంది.

షాట్ 5. 0:38 నుంచి 0:45. రిబ్‌తో నున్నగా చేయడం
బొమ్మ: చాలా దగ్గరగా, చెక్క లేదా స్టీల్ రిబ్ గోడ మీద ఆనుతుంది, జారు మడతలుగా దాని అంచు మీద చేరుతుంది, వెనకాల మెరుపులేని నున్నటి మట్టి.
మెయిన్: స్స్స్, ఇంతవరకు ఉన్న తడి నుంచి పొడిగా మారే గీకుడు.
కింద: హమ్ చాలా తక్కువ.
సింక్: రిబ్ ఆనిన క్షణం.
ఎలా: విడిగా, మైక్ 15 సెంటీమీటర్లకి తెచ్చి.

షాట్ 6. 0:45 నుంచి 0:49. సారె ఆగడం
బొమ్మ: కొంచెం దూరంగా, గిన్నె మొత్తం. చేతులు తీసేశారు. సారె నెమ్మదించి ఆగుతుంది.
మెయిన్: హమ్ దిగిపోవడం. అంతే.
కింద: గది.
సింక్: సారె ఆగిన ఫ్రేమ్. ఆ తర్వాత 15 ఫ్రేములు గది శబ్దం మాత్రమే, పూర్తి సున్నా కాదు. సున్నా పెడితే ఫోన్ ఆగిపోయిందేమో అనుకుంటారు.
ఎలా: కెమెరాతో పాటు వచ్చిందే.

షాట్ 7. 0:49 నుంచి 0:54. తీగతో కోయడం
బొమ్మ: సారె ఎత్తులో, తీగ మీ వైపుకి వస్తుంది. తర్వాత గిన్నె పైకి లేస్తుంది.
మెయిన్: జ్జ్జ్... ఆఖర్న పుచ్.
కింద: గది.
సింక్: తీగ బయటికొచ్చిన ఫ్రేమ్, గిన్నె వదిలిన ఫ్రేమ్, రెండూ.
ఎలా: విడిగా. మిగిలిన మట్టి దిమ్మని నెమ్మదిగా కోస్తూ మైక్ 10 సెంటీమీటర్ల దగ్గర పెట్టి తీయండి.

షాట్ 8. 0:54 నుంచి 1:12. అడుగు చెక్కడం
బొమ్మ: గిన్నె బోర్లా. ముందు పక్కన వేలితో రెండు మూడు తట్లు తట్టి మధ్యకి తేవడం, మట్టి ఉండలతో పట్టించడం, తర్వాత లూప్ టూల్. చివరికి టూల్ అంచు మాత్రమే ఫ్రేమ్‌లో.
మెయిన్: టప్, టప్, టప్. ఆపైన స్ర్ర్ర్, పట్టీ ఊడి రావడం.
కింద: హమ్ తక్కువగా. పట్టీలు రాలే తుప్ తుప్.
సింక్: ప్రతి తట్టూ. టూల్ ఆనిన క్షణం.
ఎలా: తట్లు కెమెరాతో. పట్టీ శబ్దం విడిగా, మోటార్ లేకుండా.

షాట్ 9. 1:12 నుంచి 1:15. చెక్క పలక మీద పెట్టడం
బొమ్మ: గిన్నె తిప్పి పలక మీద.
మెయిన్: టుక్, మెత్తగా.
కింద: గది.
సింక్: పలకకి తగిలిన ఫ్రేమ్. దాని తర్వాత 10 ఫ్రేములకే వీడియో అయిపోవాలి, మళ్లీ మొదటి థప్‌కి తిరిగినప్పుడు వరస తెగకుండా ఉంటుంది.

## 6. షాట్ 8 మీద ఇంకొంచెం, ఎందుకంటే ఎక్కువమందికి చెడేది ఇదే

పట్టీ సౌండ్ పూర్తిగా మట్టి ఎంత ఆరిందనే దాని మీదే ఉంటుంది, మైక్ ఎంత ఖరీదైనదైనా సరే. వేలితో నొక్కితే గుంట పడకూడదు, గోటితో గీస్తే మాత్రం గీత పడాలి. ఆ స్థితిలో ఒక చిన్న కోత కోసి చూడండి, పట్టీ తెగకుండా చుట్టలు తిరుగుతూ రావాలి, టూల్‌కి అతుక్కోకూడదు.

ఇంకా పచ్చిగా ఉంటే పట్టీ టూల్ మీద ముద్దలా పేరుకుంటుంది, శబ్దం బంకబంకగా, మూసుకుపోయినట్టు వస్తుంది. ఎక్కువ ఆరితే పట్టీ రాదు, పొడి, పెచ్చులు రాలతాయి, శబ్దం గోరుతో గోడ గీకినట్టు చెవిలో గుచ్చుకుంటుంది. అలా ఆరిపోయినదాన్ని వీడియో కోసమని అదేపనిగా గీకకండి, ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి మంచిది కాదు.

అంచు ముందే ఆరిపోయి అడుగు పచ్చిగా ఉండటం మామూలే. గిన్నెని బోర్లించి ప్లాస్టిక్ కవర్ కప్పి కొన్ని గంటలు ఉంచితే తడి సమానంగా సర్దుకుంటుంది.

టూల్ పదును కూడా చూడండి. మొండి టూల్ మట్టి మీద ఎగిరెగిరి పడుతుంది, కిటకిటమనే శబ్దం వస్తుంది, గిన్నె మీద అలలు అలలుగా గీతలు పడతాయి. దాన్ని చాటర్ అంటారు. మట్టి మరీ ఆరినా, టూల్ వదులుగా పట్టుకున్నా ఇదే వస్తుంది. పదును పెట్టి, మోచేయి తొడకి ఆనించి, కోణం మార్చి చూడండి.

ఇక విడిగా తీసే పట్టీ సౌండ్ కోసం చేత్తో తిప్పే చిన్న తిరుగుడు పీట, అంటే బ్యాండింగ్ వీల్, వాడండి. రెండో గిన్నెని దాని మీద మట్టి ఉండలతో పట్టించి, ఒక చేత్తో మెల్లగా తిప్పుతూ ఇంకో చేత్తో చెక్కండి. మోటార్ లేదు, హమ్ లేదు, మైక్ 10 సెంటీమీటర్ల దాకా తీసుకెళ్లొచ్చు. అలా 20 సెకన్ల చొప్పున నాలుగైదు సార్లు తీసుకుంటే ఎడిటింగ్‌లో సరిపడా సరుకు ఉంటుంది. పీట లేకపోతే సారెనే ఆఫ్ చేసి చేత్తో తిప్పండి.

## 7. షూట్ వరస

మొదటి రోజు ముందు కెమెరా కోసం రెండు గిన్నెలు. రెండోది ఎందుకంటే సెంటరింగ్ షాట్ ఒకే టేక్‌లో కావాలి, ఒక్కోసారి జుట్టో నీడో అడ్డొస్తుంది. ప్రతి టేక్ మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టండి, తర్వాత కలపడం తేలిక.

కెమెరా తీసేయకముందే సారె మీద మట్టి లేకుండా, పని చేసినప్పటి వేగంలోనే తిప్పి 30 సెకన్ల హమ్ రికార్డ్ చేయండి. తర్వాత సారె ఆపి 30 సెకన్ల గది శబ్దం. ఈ రెండూ లేకుండా ఎడిటింగ్‌కి కూర్చోవద్దు.

తర్వాత కెమెరా పక్కన పెట్టేసి, మిగిలిన రెండు ముద్దలతో సౌండ్ మాత్రమే. ముద్ద పడటం ఒక ఐదారు సార్లు, అరచేతి చరుపులు, గుంట తెరవడం, గోడ లాగడం, రిబ్, తీగ. ప్రతిదానికి ముందు నోటితో పేరు చెప్పండి, "తీగ, రెండోసారి" అని, ఫైళ్లు వెతుక్కునేటప్పుడు ప్రాణం లేచొస్తుంది. సౌండ్ కోసం చేసే గిన్నె గోడ కూలిపోయినా ఏం కాదు, దాని రూపం ఎవరూ చూడరు. కానీ ఆరబెట్టడానికి మాత్రం కనీసం రెండు గిన్నెలు మిగలాలి, ఒకటి కెమెరాకి, ఒకటి మైక్‌కి.

## 8. ఎడిటింగ్

ముందు హమ్ ట్రాక్‌ని 0:03 నుంచి 0:45 దాకా ఒకే ముక్కగా పరవండి, చిన్నగా ఉంటే దానికే అతికి పొడిగించండి. క్లిప్‌లతో వచ్చిన హమ్‌లు దీని కింద దాక్కుంటాయి, కట్‌లు వినపడవు. కెమెరా ట్రాక్‌లో 80 నుంచి 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా హై పాస్ ఫిల్టర్‌తో తీసేయండి. ముద్ద పడే ట్రాక్‌కి మాత్రం ఆ ఫిల్టర్ వేయకండి, దాని బరువంతా అక్కడే ఉంటుంది.

తర్వాత సింక్ అని రాసుకున్న క్షణాలు మాత్రమే ఫ్రేమ్‌కి ఫ్రేమ్ కలపండి. 25 ఫ్రేమ్స్‌లో ఒక ఫ్రేమ్ అంటే 40 మిల్లీసెకన్లు. శబ్దం ఒక ఫ్రేమ్ వెనకపడితే ఎవరికీ తెలియదు, ముందొస్తే మాత్రం డబ్బింగ్ సినిమాలా దొరికిపోతుంది. గోడ లాగేటప్పటి సుర్ర్‌లాంటి సాగే శబ్దాలకి మొదలూ చివరా కలిస్తే చాలు, మధ్యలో దేనితోనూ కలపక్కర్లేదు.

షాట్ మారే చోట తర్వాతి షాట్ సౌండ్‌ని 6 నుంచి 10 ఫ్రేముల ముందే మొదలుపెట్టండి. రిబ్ స్స్స్ అని మొదలై, ఆ తర్వాత రిబ్ కనపడితే చూపు దానంతటదే ముందుకి వెళ్తుంది. ఇది షాట్ 7కి మాత్రం చేయకండి, అక్కడ నిశ్శబ్దాన్ని తీగే తెంపాలి.

## 9. తప్పులు, సరిచేసే దారులు

తడి శబ్దాలు నీళ్లలోంచి మాట్లాడినట్టు వస్తున్నాయి. నాయిస్ రిడక్షన్ ఎక్కువైంది. తడి మట్టి శబ్దమే ఒక రకమైన హిస్, సాఫ్ట్‌వేర్‌కి దానికీ ఫ్యాన్ మోతకీ తేడా తెలియదు, రెండూ కలిపి తినేస్తుంది. రిడక్షన్ 6 డీబీ దాటనివ్వకండి, అది సరిపోకపోతే ఆ క్లిప్ సౌండ్ వదిలేసి విడిగా తీసినది వాడండి.

కొందరు వినలేకపోతున్నాం అంటున్నారు. తడి శబ్దం మరీ దగ్గరగా తీస్తే నోట్లో నమిలే చప్పుడులా వినపడుతుంది. గుంట తెరిచే షాట్‌లో ఇది ఎక్కువ. మైక్ 30 సెంటీమీటర్లకి జరపండి, ఇప్పటికే తీసేసి ఉంటే 5 కిలోహెర్ట్జ్ పైన మూడు నాలుగు డీబీ తగ్గించి గది శబ్దం కొంచెం పెంచండి.

అంతా ఒకే స్థాయిలో మోగుతోంది. కంప్రెసర్ ఎక్కువ వేసుంటారు. షాట్ 6 నిశ్శబ్దానికీ షాట్ 1 దెబ్బకీ మధ్య స్పష్టమైన తేడా ఉండాలి, లేకపోతే ఈ స్క్రిప్ట్‌కి అర్థం లేదు.

స్పీడ్ పెంచిన షాట్‌లో సౌండ్ కుదరట్లేదు. కుదరదు. చేతి వేగానికీ రాపిడి శబ్దానికీ లంకె ఉంటుంది. నిడివి ఎక్కువైతే స్పీడ్ పెంచకుండా షాట్ 4లో ఒక లాగుడు తీసేయండి.

పాట పెట్టమని ఎవరో అడుగుతున్నారు. పెట్టాల్సి వస్తే షాట్ 2లో, షాట్ 6, 7లో పాట ఉండకూడదు. నా మటుకు నేను అసలు పెట్టను, తాళం మట్టిలోనే ఉంది.

## 10. ఎక్స్‌పోర్ట్‌కి ముందు చూసుకోవాల్సినవి

- మొదటి థప్ ఫోన్ స్పీకర్‌లో దెబ్బలా తగులుతోందా
- కళ్లు మూసుకుని వింటే ఎక్కడెక్కడ కట్ ఉందో తెలియకుండా ఉందా
- సెంటరింగ్‌లో తాళం ఎప్పుడు పోయిందో కళ్లు మూసుకుని కూడా చెప్పగలుగుతున్నారా
- మోనోలో విన్నప్పుడు ఏ శబ్దమైనా మాయమైందా
- పీక్ మైనస్ 1 డీబీ దాటలేదు కదా
- మొత్తం లౌడ్‌నెస్ మైనస్ 18 నుంచి మైనస్ 14 LUFS మధ్య ఉందా. నిశ్శబ్దాలున్న వీడియో కాబట్టి మైనస్ 14కి తోయాలని పట్టు పట్టకండి, గది మోత కూడా దాంతో పాటే పైకి లేస్తుంది
- చివరి టుక్ నుంచి మొదటి థప్‌కి మూడుసార్లు వరసగా తిప్పి వినండి, మధ్యలో టిక్కుమని వస్తే రెండు చివర్లా రెండు ఫ్రేముల ఫేడ్ వేయండి